నాలుగంకెల మీద గళ్లు

నాకు పని వచ్చునన్న గర్వం ఎప్పుడూ ఉండేది. బళ్లారి జిల్లా కూరెకుప్పలో బ్యాటరీల దుకాణం పైన ఒకే ఒక్క గదిలో మా న్యూస్ పేజీ నడుస్తుంది. కాగితం మీద అచ్చయ్యే పేపరు కాదు, జనం ఫోన్లలో చూసుకునే పేజీ. సగం తెలుగు, సగం కన్నడ. యజమాని, విలేకరి, ఎడిటరు అన్నీ మా సారే. ఆయన తెచ్చిన వార్తకు బొమ్మ కూర్చి, అక్షరాలు దిద్ది, పోస్టు చేయడం నా పని. అంతకుముందు పదేళ్లు డీటీపీ సెంటర్లో పెళ్లిపత్రికలు, ఓటరు లిస్టులు టైపు చేశాను. అక్షరాన్ని చూస్తే చాలు, ఏ ఫాంటో, ఏ సైజో చెప్పేస్తాను. ఆ గర్వమే నా కొంప ముంచింది అనడానికి లేదు. ఎందుకంటే మునిగింది నా కొంప కాదు.

మునిగిన కొంప మా సందు చివర ఉంది. ఆమెను నేను పెద్దమ్మా అని పిలుస్తాను. చుట్టరికం ఏమీ లేదు, కొళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటూ కలిసిన వరస. యాభై దాటిన మనిషి. ఉక్కు ఫ్యాక్టరీలో ఒక కాంట్రాక్టరు కింద ఊడ్చే పని. బెల్టుల కింద రాలిన ధూళి, ఇనుము కరిగించాక మిగిలే చిట్టెం, దాన్ని వాళ్లు స్లాగు అంటారు, అవి ఎత్తిపోయాలి. ఆ ఇంట్లో పనికి వెళ్లేది ఆమె ఒక్కతే. కూతురు, నర్సింగు చదివే మనవరాలు ఆమె మీదే ఆధారపడి ఉన్నారు.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. నడుముకు దోపిన సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి నా బల్ల మీద పెట్టింది.

"పాపా, ఈడ ఏం రాసిండారో సదువు."

కన్నడంలో ఉంది. నాకు సేఫ్టీ బూట్లు, గ్లౌజులు, మాస్కు అందినవి, అవి వేసుకునే పని చేస్తున్నాను, ఏమైనా జరిగితే బాధ్యత నాదే అని సారాంశం. పైన కుడివైపు నాలుగంకెల టోకెన్ నంబరు, కింద ఆమె పేరు, పక్కన వేలిముద్ర. చదివి చెప్పాను.

"బూట్లు ఇచ్చినారా పెద్దమ్మా?"

"యాడివి పాపా! చూడు." కాలు ముందుకు చాపింది. రబ్బరు చెప్పు. ఒక అంచు వేడికి కరిగి వంకర పోయింది. "నాలుగు దినాల ముందర మాతాన పనిచేసే పిల్ల కాలు స్లాగులో పడి కాలిపోయ. ఈ పొద్దు ఆ పిల్ల మొగుడు పోయి అడిగితే, మేము బూట్లు ఇచ్చిండాము, ఏసుకోకుండా వచ్చింది, ఇదో కాగితం అన్న్యారంట. కాలు కాలిన పొద్దు ఈ కాగితమే లేదు పాపా. నిన్న అందర్నీ నిలబెట్టి ముద్ర ఏపిచ్చుకున్న్యారు. ఒకటి మాకిచ్చి ఇంగొకటి వాళ్లు పెట్టుకున్న్యారు."

కాగితాన్ని మళ్లీ చూశాను. పై భాగంలో తారీఖు నెల మొదటి రోజుది. పేజీ అడుగున మాత్రం, చీమ తలకాయంత అక్షరాల్లో, కంప్యూటరు తనంతట తాను వేసుకున్న ప్రింటు తారీఖు ఉంది. అది నిన్నటిది. దాన్ని తీసేయడం ఎవరో మరిచిపోయారు. పిల్ల కాలు కాలిన మూడు రోజులకు ప్రింటు తీసి, నెల మొదట్లోనే ఇచ్చామని రాసుకున్నారు. నాకు ఒళ్లు మండింది. సారును పిలిచి చూపించాను. ఆయన కళ్లు మెరిశాయి. వెంటనే కాంట్రాక్టరుకు ఫోను చేసి మీరేమంటారని అడిగాడు. అవతలి మనిషి ఫోను కట్ చేశాడు.

పెద్దమ్మ లేచి నిలబడి ఒకే మాట అంది. "నేనని తెలియకూడదు పాపా. తెలిసిందా, గేటు కాడ్నే నిలిపేస్తారు."

"నీ పేరు ఎవరి కంటా పడదు పెద్దమ్మా, నాది పూచీ," అన్నాను. అంత సులువుగా అన్నాను.

పేరు మీద, వేలిముద్ర మీద తెల్లకాగితం ముక్కలు అంటించి, అప్పుడు స్కానర్లో పెట్టాను. అది డీటీపీ రోజుల అలవాటు. స్కానరే చూడనిదాన్ని ఇంకెవరు చూడగలరు? ఇప్పటికీ అనుకుంటాను, ఆ రోజు నేను చేసిన ఒకే ఒక్క బుద్ధిగల పని అదేనని. నంబరు మీద కూడా ఒక ముక్క అంటించి ఉంటే ఈ కథ రాసే అవసరమే ఉండేది కాదు. కానీ సారుకు నంబరు ఉండాలి. నంబరు ఉంటేనే అది ఆఫీసు కాగితం అని జనం నమ్ముతారట. సరే, కంప్యూటర్లో దాచుదాం అనుకున్నాను.

మొదట నల్లడబ్బానే పెట్టాను. నాలుగంకెల మీద ఒక నల్లని దీర్ఘచతురస్రం. సారు తన ఫోన్లో చూసి మొహం చిట్లించాడు.

"ఏందమ్మా ఇది, శ్రద్ధాంజలి మాదిరి ఉండాది!"

ఆయన మాటలో అబద్ధం లేదు. మా పేజీలో నల్లరంగు వాడేది చావు కబురుకే. ఈ చుట్టుపక్కల ఎవరు పోయినా ఫోటో చుట్టూ నల్ల అంచు వేసి మాకు పంపుతారు. అందుకే బొమ్మలో కాస్త నలుపు కనిపిస్తే చాలు, వార్త చదవకుండానే కింద "ఎవురు పోయింది?" అని కామెంట్లు పెట్టేస్తారు. ఒకసారి రోడ్డు తారు వార్తకు కూడా అలాగే పెట్టారు.

"అదీ కాక," అన్నాడు సారు, "పూరా మూసేస్తే జనాలు ఏమనుకుంటారు? వీళ్లే టైపు చేసి వీళ్లే మూసిపెట్టినారు అంటారు. ఆడ నంబరుండాదని కనపడల్ల, చదవనీకి మాత్రం రాకూడదు. మసక చెయ్యి."

మసక చేశాను. అంకెలు నీళ్లలో తడిసినట్టు అలుక్కుపోయాయి. ఫోను దూరంగా పెట్టి, కళ్లు చికిలించి చూస్తే మొదటి అంకె రెండు అని నాకే తెలిసిపోయింది. ఇంకా పెంచాను. అయినా నమ్మకం కుదరలేదు. అప్పుడు మూడో దారి పట్టాను. ఆ చోటంతా చదరపు గళ్లుగా మార్చేశాను. సాఫ్ట్‌వేర్ తనకు తానుగా చూపించే సైజునే ఉంచాను. బూడిదరంగు గళ్లు, కొన్ని ముదురు, కొన్ని లేత. అంకె జాడే లేదు. దగ్గరగా చూశాను, దూరంగా చూశాను, ఫోను తలకిందులు చేసి చూశాను. కింద బ్యాటరీల దుకాణం ఆయనను పిలిచి చూపించాను. "ఏమీ తెల్దమ్మా, పరిచిన బండల మాదిరి ఉండాది," అన్నాడు. సారుకు ఎంతో నచ్చింది. టీవీ వాళ్లు చేసినట్టే ఉందన్నాడు.

నాకూ నచ్చింది. ఆ మాట ఒప్పుకోవాలి. ముక్కలైపోయినదాన్ని మళ్లీ ఎవరు అతికిస్తారు అనుకున్నాను. పైగా అది ఉత్త నంబరు, పేరు కాదు కదా అనుకున్నాను. తెల్లడబ్బా పెట్టొచ్చు, బూడిదరంగు డబ్బా పెట్టి పైన "టోకెన్ నంబరు" అని రాయొచ్చు, చావు కబురులా ఉండదు, లోపల ఏమీ మిగలదు. పదేళ్లు డీటీపీ చేసిన నాకు ఆ ఆలోచన తట్టలేదు. రంగు గురించి వాదించుకున్నాం తప్ప లోపల ఏం మిగిలిందో అడగలేదు.

మరునాడు పొద్దున పోస్టు చేశాం. మధ్యాహ్నానికి ఆ బొమ్మ ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ తిరుగుతోంది. సందులో కొళాయి దగ్గర పెద్దమ్మ నా వైపు చూసి చూడనట్టు నవ్వింది. మా పేజీ పుట్టాక ఏ వార్తకూ అంతమంది రాలేదని సారు రోజంతా లెక్క చూసుకుంటూ కూర్చున్నాడు.

మూడో రోజు పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర పెద్దమ్మ కార్డు పెడితే మిషను పచ్చలైటు చూపలేదు. మళ్లీ పెట్టింది. వెనక వరసలో వాళ్లు తొందరపెట్టారు. సూపర్వైజరు వచ్చి కార్డు తీసుకుని, ఇక పనికి రావద్దన్నాడు. ఎందుకు అని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. కాగితం ఏమీ ఇవ్వలేదు. తొమ్మిదిన్నరకల్లా సందులోకి తిరిగొచ్చి ఇంటి ముందు అరుగు మీద కూర్చుంది. నేను ఆఫీసుకు బయలుదేరుతూ ఆమెను ఆ వేళప్పుడు అక్కడ చూసి, అడక్కుండానే అర్థం చేసుకున్నాను.

"ఎట్ల తెలిసింది పాపా?" అంది.

నాకు తెలియదు. నేను చెప్పలేదు, సారు చెప్పలేదు, ఆమె కూతురికి కూడా చెప్పలేదట. కాగితం నా డ్రాయర్లో తాళం వేసి ఉంది. పేరు మీద కాగితం ముక్క ఇంకా అంటుకునే ఉంది. ఎవరో చూసి ఉంటారు, ఆమె మెట్లెక్కుతుంటే చూసి ఉంటారు అని సారు తేల్చేశాడు. నేనూ అదే నమ్మాలనుకున్నాను. బ్యాటరీల దుకాణం ఆయన మీద కూడా అనుమానపడ్డాను. పాపం, ఆయనతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు.

నిజం చెప్పింది ఆ కాంట్రాక్టరు ఆఫీసులో పనిచేసే కంప్యూటరు ఆపరేటరు. బండ్రి అనే ఊరి మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. డీటీపీ సెంటర్లో నా పక్క కుర్చీలో రెండేళ్లు కూర్చున్నవాడు. ఫోటోలు దిద్దే ఆ సాఫ్ట్‌వేర్ అతనికి నేర్పింది నేనే. వారం తర్వాత ఒక మధ్యాహ్నం సారు లేని సమయం చూసుకుని వచ్చి, ఎదురుగా కూర్చుని, మౌసు ప్యాడును బల్ల అంచుకు సర్దాడు.

"అక్కా, అది నేనే కనుక్కున్న్యా," అన్నాడు.

అతనే చెప్పుకుంటూ పోయాడు.

"ఆ కింద ప్రింటు తారీఖు తీసేయకుండా వదిలింది నేనేనక్కా. అందుకని కాంట్రాక్టరు నన్ను పట్టుకున్న్యాడు. సాయంత్రం లోపల ఆ కాగితం ఎవురిదో చెప్పు, లేకుంటే నువ్వు పో అన్న్యాడు. నేనేం చేసేది? నీ బొమ్మ చూసినా. గళ్లు చూడంగానే అర్థమాయ, నువ్వు సైజు మార్చలేదని."

"గళ్లలోంచి ఎవరైనా ఎట్ల చదువుతారప్పా?"

"చదవలేదక్కా. చదవనీకి కాదు." అతను నా కీబోర్డు తన వైపు లాక్కున్నాడు. "ఒక గడి అంటే ఏమి? దాని కింద ఎంత నలుపు, ఎంత తెలుపు ఉండాదో కలిపి సరాసరి రంగు. ఒకటి అంకెలో సిరా తక్కువ, గడి లేతగా వస్తాది. ఎనిమిదిలో జాస్తి, ముదురుగా వస్తాది. ఎనక్కి పోవాల్సిన పనే లేదు. ముందుకే పోయినా. ఆ కాగితం అసలు ఫైలు నాతాననే ఉండాది, అదే ఫాంటు, అదే చోటు. మొత్తం అరవై మూడు మంది ఆడోళ్లు. ఒక్కొక్కరి కాగితం ప్రింటు తీసి, స్కాన్ చేసి, నీ బొమ్మ సైజుకు తెచ్చి, నంబరు మీద నీ మాదిరే గళ్లు ఏసినా. పక్కపక్కన పెట్టి చూసినా."

చేసి చూపించాడు కూడా. నా మిషను మీదే నాలుగంకెలు టైపు చేసి గళ్లు వేశాడు, ఒక అంకె మార్చి మళ్లీ వేశాడు. ఒకే ఒక్క గడి కాస్త ముదిరింది. కంటికి సరిగా ఆనదు, కానీ ముదిరింది.

"మసక చేసింటే?"

"అదీ ఇంతే అక్కా. నేనూ అంతే మసక చేసి పోల్చుకుంటాంటి. నువ్వు నల్లడబ్బా పెట్టింటే నా చేత అయితా ఉండలేదు. కింద ఏ నంబరు పెట్టినా అదే నలుపు. అరవై మూడు మందికీ అదే నలుపు. దేంతో పోల్చేది?" కీబోర్డును నా వైపు నెట్టాడు. "నేను దేవుడికి మొక్కుకుంటా తెరిసినా అక్కా, డబ్బా ఉంటే బాగుండునని. కనుక్కోలేదు అని నిజంగానే చెప్పొచ్చు కదా."

వెళ్లిపోయేముందు గుమ్మం దగ్గర నిలబడి ఇంకో మాట చెప్పాడు. చెప్పకపోయినా బాగుండేది. "రెండు నంబర్లు దగ్గరదగ్గరగా వచ్చినాయక్కా. కడపటి అంకె మాత్రమే తేడా. మళ్లీ చూస్తే ఒకటే సరిపోయ. రెండు అని చెప్పింటే ఇద్దర్నీ తీసేస్తా ఉండ్రి." అతన్ని తిట్టాలని నోటిదాకా వచ్చింది. కానీ నేను పెట్టిన గళ్లే అతను లెక్కపెట్టాడు, అంతకంటే ఏం చేశాడు?

ఆ తర్వాత రెండు మూడు రోజులు నాకు పిచ్చి పట్టినట్టయింది. ఉన్న పని వదిలేసి అన్నీ పరీక్షించాను. ఫోన్లో నల్ల పెన్నుతో రుద్దితే సరిపోతుందా అని చూశాను. ఆ పెన్ను గాజులాంటిది, వెలుతురు పెంచితే కింద అక్షరాలు తేలాయి. పీడీఎఫ్‌లో డబ్బా పెట్టి చూశాను. డబ్బా పైన తేలుతూ ఉంది, కింద అక్షరాలు అలాగే ఉన్నాయి, కాపీ చేసి వేరే చోట పెడితే వచ్చేశాయి. వెలుతురు దూరని నిండు రంగు డబ్బా పెట్టి, మొత్తాన్ని ఒకే బొమ్మగా కలిపేసి సేవ్ చేస్తే మాత్రం అంకెలు నిజంగా పోయాయి. ఎంత వెలుతురు పెంచినా, ఎంత పెద్దది చేసినా రంగు తప్ప ఇంకేమీ రాలేదు. మా సారు వద్దన్న మొదటి బొమ్మ అలా చేసినదే. అది ఇంకా నా కంప్యూటర్లో ఉంది.

ఆ బొమ్మను తీసి పాత పోస్టులో మార్చాను. సారు అడ్డు చెప్పలేదు. అది కూడా ఒక పని అన్నట్టు చేశాను. మార్చిన అరగంటకు మా మరిది ఫోను తెరిచి చూస్తే, అతని గ్రూపులో పాత గళ్ల బొమ్మే ఉంది. ఎవరో దాని మీద "షేర్ చేయండి" అని ఎర్రక్షరాలు కూడా రాశారు. దాన్ని ఎన్ని ఫోన్లలోంచి తీసుకురాగలను? తీసుకొచ్చినా ఏం లాభం? చూడాల్సినవాడు ఎప్పుడో చూసేశాడు.

సారును పట్టుకుని అడిగాను, లేబరు ఆఫీసులో ఫిర్యాదు చేద్దామని. చేద్దాం అన్నాడు. పెద్దమ్మను తీసివేసినట్టు ఒక్క కాగితం ఉందా అని అక్కడివాళ్లు అడిగితే మా దగ్గర లేదు. ఆమె ఇచ్చిన కాగితమే సాక్ష్యం అని చూపిస్తే ఇచ్చింది ఆమేనని మేమే రాసిచ్చినట్టవుతుంది. రెండు వైపులా తలుపులు వేసి ఉన్నాయి. వార్త వల్ల ఏమీ జరగలేదని కూడా అనలేను. మూడు వారాలకు ఆడవాళ్లందరికీ బూట్లు వచ్చాయి. నిజం బూట్లు, ముందు వేళ్ల మీద ఇనుప తొడుగు ఉన్నవి. కాలు కాలిన పిల్ల మందుల ఖర్చు కూడా వాళ్లే పెట్టుకున్నారట. సందులో ఆడవాళ్లు ఆ బూట్లు వేసుకుని పొద్దున్నే టకటకా నడిచి వెళ్తుంటే పెద్దమ్మ అరుగు మీద కూర్చుని చూసేది.

పక్క కాంట్రాక్టర్ల దగ్గర అడిగింది. ముందు ఎక్కడ చేశావు, టోకెన్ ఎంత అంటారు. చెబితే ఫోను చేసి కనుక్కుంటారు. నెల తిరక్కుండానే ఆమె తెక్కలకోటలో చెల్లెలి దగ్గరకు బయలుదేరింది. అక్కడ కాలవ కింద వరినాట్లు పడుతున్నాయి. ఆ మోకాళ్లతో ఆమె ఎన్నాళ్లు బురదలో వంగగలదో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. మనవరాలు చదువు ఆపి బళ్లారిలో బట్టల షాపులో చేరింది.

బస్సు దాకా నేనూ వెళ్లాను. దారంతా చెప్పాలనుకున్నాను. నల్లడబ్బా నేనే తీసేశానని, గళ్లు నేనే పెట్టానని, ఆపరేటరు ఎలా కనుక్కున్నాడో నాకు తెలుసని. బస్టాండులో చెప్పేశాను. అర్థమయ్యేలా చెప్పాలని నేల మీద పుల్లతో గళ్లు కూడా గీశాను. ఆమె వాటి వైపు చూసింది.

"నంబరుదా?" అంది. "పేరు దాస్తే చాలనుకున్న్యావా పాపా? పదమూడేండ్లాయ, ఆడ నన్ను పేరుతో ఎవురు పిలిచినారు?"

నాకు ఏడుపొచ్చింది. నడిబజారులో, నలభై ఏళ్ల దాన్ని, సిగ్గు లేకుండా ఏడ్చాను. ఆమె తన కొంగుతో నా మొహం తుడవబోయి, చేతిలో సంచి ఉందని ఆగిపోయింది. బస్సు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"నీ పనికి ఏమీ కాలేదు కదా పాపా?"

అంతకుముందు వారమే సారు నన్ను మెచ్చుకుని, ఇకనుంచి బొమ్మల విషయంలో నా మాటే చివరి మాట అని చెప్పాడు.

"ఏమీ కాలేదు పెద్దమ్మా," అన్నాను.

"పోనీలే," అంది ఆమె. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని మొహంలోకి చూశాను. లేదు. లోపలికి వెళ్లి కిటికీ పక్కన కూర్చుని, చిల్లర కోసం సంచిలో వెతుక్కోసాగింది.